గుప్పెడు ఆకు, చెంచాడు పొడి, సగం నీళ్లు

2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి లాక్‌డౌన్ నడుస్తుండగా, కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ‘ఆయుష్ క్వాథ్’ పేరుతో ఒక కషాయపు పాళ్లను రాష్ట్రాలకు పంపింది. తులసి ఆకు నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. వీటిని కలిపి కొట్టిన పొడిలో 3 గ్రాములు తీసుకుని, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో వేసి, రోజుకు ఒకటి రెండుసార్లు టీలాగా తాగాలి. పొడి బరువు ఉంది, నీళ్ల కొలత ఉంది, ఎన్నిసార్లన్నదీ ఉంది. మందుల దుకాణంలో అమ్మే సరుకుకు ఉండాల్సిన లెక్కలన్నీ అందులో ఉన్నాయి.

అదే కషాయం ఫోన్లలో చేతులు మారి వంటింటికి వచ్చేసరికి లెక్కలన్నీ జారిపోయాయి. గుప్పెడు తులసి ఆకులు, అంగుళం అల్లం ముక్క, చెంచాడు మిరియాలు, కాస్త దాల్చినచెక్క వేసి నీళ్లు సగమయ్యేదాకా మరిగించడం అన్న తీరుకు అది మారిపోయింది. ఎండిన ఆకు స్థానంలో పచ్చి ఆకు, శొంఠి స్థానంలో అల్లం, గ్రాముల స్థానంలో చెంచా, వేడినీళ్లలో నానబెట్టడానికి బదులు మరగకాచడం వచ్చాయి. పేరు మాత్రం మారలేదు. పక్కపక్క ఇళ్లలో అదే కషాయం తాగుతున్నామనుకున్నవాళ్ల గ్లాసుల్లో ఉన్నది నిజంగా ఒకటేనా అన్నది కాస్త లెక్క వేస్తే తేలుతుంది.

మొదట ఆకు సంగతి. 3 గ్రాముల పొడిలో తొమ్మిది పాళ్లున్నాయి కనుక ఎండు తులసి సుమారు 1.3 గ్రాములు, దాల్చినచెక్క, శొంఠి చెరి 0.7 గ్రాములకు కాస్త తక్కువ, మిరియాలు గ్రాములో మూడోవంతు. ఎండు తులసి లేదు, పెరట్లో పచ్చి తులసి ఉంది. ఎంత కోయాలి?

ఈ ప్రశ్నకు మూడు చోట్ల మూడు జవాబులు దొరుకుతాయి. ఆయుర్వేద గ్రంథాల్లో శార్ఙ్గధర సంహిత చెప్పే సాధారణ నియమం ప్రకారం పచ్చి ద్రవ్యం ఎండు దానికి రెట్టింపు తీసుకోవాలి. అంటే 2.7 గ్రాములు. ఇంగ్లిష్ వంటల పుస్తకాలు చెప్పే లెక్కలో పచ్చి ఆకు మూడు వంతులకు ఎండాకు ఒక వంతు. అంటే 4 గ్రాములు. ఇక తేమ లెక్క చూద్దాం. తాజా తులసి ఆకు బరువులో 85 నుంచి 90 శాతం దాకా నీరే. మధ్యలో 88 శాతం అనుకుంటే, వంద గ్రాముల ఆకులో నీరు పోగా మిగిలే గట్టి పదార్థం 12 గ్రాములు. గలగలలాడేలా ఎండిన ఆకులో కూడా పదోవంతు తేమ నిలిచే ఉంటుంది కనుక చేతికి వచ్చే ఎండాకు 13 గ్రాముల పైచిలుకు. ఏడున్నర వంతుల పచ్చి ఆకు ఒక వంతు ఎండాకు అవుతుందన్నమాట. ఈ లెక్కన 1.3 గ్రాముల ఎండు తులసికి కోయాల్సిన పచ్చి ఆకు దాదాపు 10 గ్రాములు.

2.7, 4, 10. ఒకే ప్రశ్నకు ఇంత దూరం దూరంగా ఉన్న జవాబులు వచ్చాయంటే వాటిలో రెండు తప్పని కాదు. మూడూ ఒకే వస్తువును కొలవడం లేదు.

వంటల పుస్తకపు మూడింటికి ఒకటి లెక్క బరువుది కాదు, చెంచాలది. ఒక టేబుల్ స్పూను నిండా తరిగిన పచ్చి ఆకుకు బదులు ఒక టీస్పూను నలిపిన ఎండాకు వేయమని దాని అర్థం. టేబుల్ స్పూనులో మూడు టీస్పూన్లు పడతాయి కాబట్టి మూడింటికి ఒకటి అయింది. ఎండిన ఆకు నలిపితే చెంచాలో ఎంత సర్దుకుంటుంది, కూరలో దాని వాసన ఎంత తెలుస్తుంది అన్న అనుభవంలోంచి వచ్చిన లెక్క అది. రుచికి పనికొస్తుంది. దాన్ని తెచ్చి త్రాసు మీద పెట్టి గ్రాములకు అన్వయిస్తే మాత్రం తప్పుతుంది. చాలామంది చేసేది అదే.

శార్ఙ్గధరుడి రెట్టింపు నియమం మరో దారిలోది. అది వైద్యుడు మోతాదు నిర్ణయించే పద్ధతిలో భాగం, ఆకులో నీరెంతో లెక్కగట్టేది కాదు. అందుకే దానికి మినహాయింపులున్నాయి. తిప్పతీగ, అడ్డసరం, పిల్లిపీచర, అశ్వగంధ, బూడిదగుమ్మడి వంటి తొమ్మిది ద్రవ్యాలను ఎప్పుడూ పచ్చిగానే వాడాలని, వాటికి మాత్రం రెట్టింపు చేయకూడదని ఆ గ్రంథం చెబుతుంది. తేమ లెక్కే అయితే ఈ తొమ్మిదింటికి విడి నియమం అక్కర్లేదు. అందువల్ల శాస్త్ర నియమం పాటించేవాళ్లు ఆ శాస్త్రం చెప్పిన మోతాదుతోనే పాటించాలి. ఒకచోటి మోతాదుకు మరోచోటి మారకం కలిపితే రెండూ చెడతాయి.

ఇంట్లో చేసుకునేవాళ్లకు నమ్మదగిన మార్గం ఒకటుంది. తమ చెట్టు ఆకునే వంద గ్రాములు తూచి, నీడన ఆరబెట్టి, వేళ్లతో నలిపితే పొడిపొడి అయ్యాక మళ్లీ తూచడం. పదమూడు వస్తే పదమూడు, పదిహేడు వస్తే పదిహేడు. వానాకాలంలో కోసిన లేత ఆకుకూ, వేసవిలో ముదిరిన ఆకుకూ తేడా ఉంటుంది. కాడలు కలిస్తే ఇంకా మారుతుంది. ఆకు లెక్క తీసుకున్నవాళ్లు కాడలు ఏరేయాలి, లేదా ప్రతిసారీ కలిపే తూచాలి.

అల్లానికి వస్తే అందులో నీరు తులసిలో ఉన్నంత ఉండదు, 80 శాతం దగ్గర ఉంటుంది. నాలుగున్నర వంతుల అల్లం ఒక వంతు శొంఠి అవుతుంది. 0.7 గ్రాముల శొంఠికి 3 గ్రాముల అల్లం సరిపోతుంది. అది చిటికెన వేలి గోరంత ముక్క. అంగుళం అల్లమంటే దానికి ఎన్నో రెట్లు. పైగా శొంఠి అంటే నీరు తీసేసిన అల్లం మాత్రమే కాదు. పచ్చి అల్లంలో కారం జింజెరాల్ అనే పదార్థానిది. ఎండేటప్పుడు, వేడి తగిలినప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది. షోగాల్ కారం జింజెరాల్ కారం కంటే రెట్టింపు పైనే. శొంఠి గొంతులో పట్టినట్టు అల్లం పట్టదని పెద్దవాళ్లు అనేది ఇందుకే. బరువు మారకం ఎంత సరిగ్గా కుదిరినా అల్లం కషాయం, శొంఠి కషాయం ఒకటి కావు.

ఇక చెంచా.

ఈ రోజు వంటకాలకు, మందులకు ప్రమాణంగా తీసుకునే టీస్పూను 5 మిల్లీలీటర్లు. కానీ తెలుగింట్లో ‘చెంచా’ అంటే పోపుల పెట్టెలో ఉండే పొట్టి చెంచా కావచ్చు, పెరుగన్నం తినే చెంచా కావచ్చు, కాఫీలో చక్కెర కలిపేది కావచ్చు. ఇవేవీ కొలతకు చేసినవి కావు. ఇది మన ఒక్కరి సంగతీ కాదు. గ్రీసులో ఏథెన్స్ పరిసరాల్లోని 25 ఇళ్ల నుంచి 71 టీస్పూన్లు సేకరించి కొలిచిన పరిశోధకులు 2010లో తమ ఫలితాలు ప్రచురించారు. అతి చిన్న చెంచాలో 2.5 మిల్లీలీటర్లే పట్టింది. అతి పెద్దదాంట్లో 7.3 పట్టింది. దాదాపు మూడు రెట్లు. పిల్లల మందును చెంచాతో కొలిచి పొయ్యడంలో ఎంత తేడా వస్తుందో చూడడానికి చేసిన పని అది. కషాయపు పొడికీ అదే వర్తిస్తుంది.

టేబుల్ స్పూనుతో ఇంకో చిక్కు. చాలా దేశాల్లో అది 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. హైదరాబాద్‌లో చిత్రీకరించిన వీడియో చూసి మెల్‌బోర్న్‌లో అక్కడి కొలత చెంచాతో కషాయం కాచే తెలుగు కుటుంబం ఏ పొరపాటూ చేయకుండానే మూడోవంతు ఎక్కువ వేస్తుంది.

చెంచా పరిమాణం తెలిసినా పని పూర్తి కాదు. వెనక ధాన్యం కొలిచేటప్పుడు రాశిపోసి కొలిచారా, తలగొట్టి కొలిచారా అన్నదాని మీద పేచీలు జరిగేవి. పొడికీ ఆ రెండు పద్ధతులున్నాయి. తలగొట్టిన చెంచాకూ గోపురంలా పోసిన చెంచాకూ మధ్య ఒకటిన్నర నుంచి రెండు రెట్ల తేడా తేలిగ్గా వస్తుంది. వీడియోలో చెయ్యి ఎలా తిరిగిందో చూసి పొయ్యడమే తప్ప, ఏ కొలతో చెప్పేవాళ్లు అరుదు.

పైగా చెంచా కొలిచేది చోటును, బరువును కాదు. 5 మిల్లీలీటర్ల చెంచా తలగొట్టి తీస్తే దాల్చినచెక్క పొడి 2.6 గ్రాములు, మిరియాల పొడి 2.3, శొంఠి పొడి 1.8 గ్రాముల చొప్పున తూగుతాయి. ఎండు తులసి బరువుకు సరైన పట్టిక లేకపోయినా దాని దగ్గరి బంధువైన బేసిల్ ఆకును చూస్తే సంగతి అర్థమవుతుంది. మెత్తటి పొడి అయితే చెంచాకు 1.4 గ్రాములు, నలిపిన ఆకు అయితే 0.7 గ్రాములే. తులసిని ఇలాగే అనుకుని ఆయుష్ పాళ్లలో కలిపితే, అన్నీ మెత్తగా కొట్టిన మిశ్రమంలో 3 గ్రాములంటే ఒకటింబావు నుంచి రెండు చెంచాల మధ్య వస్తుంది. తులసిని మాత్రం నలిపి వదిలేస్తే అదే 3 గ్రాములకు రెండున్నర చెంచాలు దాటాలి. పాళ్లు మారలేదు, చెంచా మారలేదు, మిక్సీ తిప్పిన సేపు మారింది.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతకు 5 మిల్లీలీటర్ల గీత ఉంటుంది. ఇంటి చెంచాను నీళ్లతో నింపి అందులోకి వంపితే ఆ చెంచా ఎంతో బయటపడుతుంది. ఇక బరువుకు. వంటింటి త్రాసు చాలావరకు ఒక గ్రాము కంటే సన్నగా చూపదు, 3 గ్రాములు దాని మీద నమ్మకంగా తూగవు. అందుకని పది తలగొట్టిన చెంచాల పొడి తూచి పదితో భాగించాలి. పద్దెనిమిది గ్రాములు వస్తే చెంచాకు 1.8 గ్రాములు. ఆ డబ్బా పొడి అయిపోయేదాకా ఆ సంఖ్య పనికొస్తుంది. మళ్లీ కొత్తగా కొట్టిన పొడికి మళ్లీ తూచాలి.

ఆకు, చెంచా తర్వాత మూడోది పొయ్యి మీద జరిగేది. అసలు తిరకాసంతా ఇక్కడుంది.

ఆయుష్ వారి పేరులో క్వాథం ఉన్నా, చేయమన్న పని క్వాథం కాదు. మరిగిన నీళ్లలో పొడి వేసి తాగడాన్ని ఆయుర్వేదం ఫాంటం అంటుంది. లేత ఆకులకు, వాసన గల ద్రవ్యాలకు అది తగినది. క్వాథం అంటే కాచి ఇగరబెట్టేది. శార్ఙ్గధరుడు చెప్పిన సాధారణ పద్ధతిలో ఒక పలం కచ్చాపచ్చాగా దంచిన ద్రవ్యానికి పదహారు వంతుల నీళ్లు పోసి, మూత లేకుండా, సన్నని సెగ మీద ఎనిమిదోవంతు మిగిలేదాకా కాచాలి. భారత ఆయుర్వేద ఫార్ములరీ లెక్కలో పలం 48 గ్రాములు. నీళ్లు 768 మిల్లీలీటర్లు, మిగలాల్సినవి 96. అంటే గ్రాము ద్రవ్యానికి మిగిలే కషాయం 2 మిల్లీలీటర్లు. ఆయుష్ పద్ధతిలో 3 గ్రాములకు 150 మిల్లీలీటర్లు, అంటే గ్రాముకు 50. రెండింటినీ జనం కషాయమనే అంటారు. ఆ రెంటి చిక్కదనం మధ్య తేడా ఇరవై ఐదు రెట్లు. మొదటిది రోగిని చూసి వైద్యుడు ఫలానా మందుకు, ఫలానా మోతాదులో రాసేది. రెండోది టీకి బదులు తాగేది. ఇంట్లో కాచే కషాయం ఈ రెండింటి మధ్య ఎక్కడైనా పడవచ్చు, ఎక్కడ పడిందో కాచినవాళ్లకే తెలియదు.

‘సగమయ్యేదాకా’ అన్న మాటనే తీసుకోండి. నిలువుగా ఉన్న స్టీలు చెంబులో నీళ్ల ఎత్తు సగమైతే నీళ్లూ సగమే. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలో అలా కాదు. అర్ధగోళంలాంటి గిన్నెను అంచుదాకా నింపి, కంటితో చూసి ఎత్తు సగానికి దిగిందని దించేస్తే అందులో మిగిలేది సగం కాదు, పదహారింట ఐదు వంతులు, అంటే మూడోవంతు కంటే తక్కువ. వెడల్పు మూతి గిన్నెలో నీళ్లు తొందరగా ఇగురుతాయి, మూత పెడితే ఆలస్యంగా ఇగురుతాయి. ‘పది నిమిషాలు మరిగించండి’ అన్న మాటకు గిన్నె తెలియకుండా అర్థం లేదు. ఈ చిక్కు ఎరిగినవాళ్లు వెనకటి నుంచీ ఒక ఉపాయం వాడతారు. మిగలాల్సినంత నీళ్లే ముందు గిన్నెలో పోసి, ఒక పుల్ల నిలువుగా ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గంటు పెట్టాలి. ఆ తర్వాత మిగతా నీళ్లు, ద్రవ్యం వేసి కాయాలి. కషాయం గంటు దగ్గరికి దిగితే చాలు, గడియారంతో పని లేదు.

ఇగిరించడం గురించి ఒక అపోహ బాగా నాటుకుపోయింది. ఎంత మరిగిస్తే అంత సారం దిగుతుందని. నీళ్లలో కరిగేది చాలావరకు మొదట్లోనే దిగుతుంది, పొడి ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా. గట్టి బెరళ్లకు, వేళ్లకు సమయం కావాలి. అందుకే దాల్చినచెక్క ముక్కగా వేస్తే పది నిమిషాల్లో ఇచ్చేది తక్కువ, పొడిగా వేస్తే వెంటనే ఇచ్చేస్తుంది. దిగాల్సింది దిగిపోయాక ఇంకా మరిగించడం వల్ల నీళ్లు తగ్గుతాయి, సారం పెరగదు. తులసి విషయంలో తరుగుతుంది కూడా. తులసి ఘుమఘుమ యూజెనాల్ వంటి ఆవిరయ్యే నూనెలది. ఇల్లంతా కమ్మగా వాసన వస్తోందంటే అది గ్లాసులోకి రావాల్సింది గదిలోకి పోతోందని. పాత పుస్తకాలు మూత తీసి కాయమన్నది ఎక్కువగా చెక్కలను, వేళ్లను. తులసికి మూతపెట్టి నానబెట్టడమే మేలు.

దీన్నిబట్టి చిక్కదనం వేరు, మోతాదు వేరు అన్నది గుర్తుపెట్టుకోవాలి. గిన్నెలో వేసింది 3 గ్రాములైతే, కషాయం 150 మిల్లీలీటర్లు మిగిలినా 75 మిగిలినా మొత్తం ఒక్కరే తాగినప్పుడు ఒంట్లోకి పోయే సారం దాదాపు ఒకటే. నాలుక మీద మాత్రం రెండోది ఘాటుగా ఉంటుంది. కానీ ‘అరగ్లాసు తాగాలి’ అని కొలిచి, మిగతాది దాచుకునేవాళ్లకు, నలుగురికి పంచేవాళ్లకు ఇగిరిన తేడా మొత్తం మోతాదులోకే వచ్చి పడుతుంది.

ఇప్పుడు రెండిళ్లను ఊహిద్దాం. మొదటి ఇంట్లో పోపుల పెట్టె చెంచా 3 మిల్లీలీటర్లది. తలగొట్టి ఒక చెంచా మెత్తటి ఆయుష్ పొడి వేశారు. అది ఒక గ్రాము. గ్లాసు నీళ్లు, 200 మిల్లీలీటర్లు, మూతపెట్టి ఐదు నిమిషాలు కాచారు, 180 మిగిలాయి. రెండో ఇంట్లో పెద్ద చెంచా, 7 మిల్లీలీటర్లది. గోపురంగా పోశారు, దాదాపు 5 గ్రాములు పడింది. గుండ్రటి గిన్నె నిండా 300 మిల్లీలీటర్లు పోసి ‘సగం’ అయ్యేదాకా ఇగిరించారు, మిగిలింది 95. ఇద్దరూ ఒక చెంచా పొడి కాచామనే చెబుతారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మొత్తం తాగితే రెండో ఇంటివాళ్లకు ఐదు రెట్లు ఎక్కువ పోయింది. చిక్కదనం చూస్తే దాదాపు పది రెట్లు. చెంచా తేడా రెండింతలకు పైన, గోపురం తేడా రెండింతలు, ఇగరడం తేడా మరో రెండింతలు. ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. కానీ అవి కూడికలు కావు, గుణకారాలు.

ఒకే గిన్నెలోంచి పంచినా అందరికీ ఒకటే రాదు. మిరియాల ఘాటుకు మూలమైన పైపరిన్ నీళ్లలో కరగడం చాలా తక్కువ, లీటరుకు 40 మిల్లీగ్రాములు మాత్రమే. కాబట్టి మిరియాలలో ఎక్కువ భాగం కరిగి కాదు, పొడిగా తేలుతూ వస్తుంది, నెమ్మదిగా అడుక్కు చేరుతుంది. మొదట వంచిన గ్లాసు తేటగా, చివరి గ్లాసు మడ్డిగా ఉంటుంది. చివరి గుక్కకు దగ్గు వచ్చేది అందుకే. వడకట్టే ఇంట్లో ఈ మడ్డంతా బట్టలో ఉండిపోతుంది. పిప్పి తన బరువంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కషాయాన్ని పట్టి ఉంచుతుంది. పిండేవాళ్లకు అది దక్కుతుంది, పిండనివాళ్లకు పోతుంది. ఇక రంగు చూసి చిక్కదనం అంచనా వేయడం మరీ పనికిరాదు. బెల్లం, పసుపు పడితే పలచటి కషాయం కూడా నల్లగా, చిక్కగా కనిపిస్తుంది.

ఇంత సూక్ష్మం అవసరమా అంటే, అన్నిటికీ అక్కర్లేదు. తులసి నాలుగు ఆకులు ఎక్కువైతే ప్రమాదమేమీ లేదు. దాల్చినచెక్క దగ్గర మాత్రం లెక్క కావాలి. మన బజారులో దాల్చినచెక్క పేరుతో దొరికేదాంట్లో ఎక్కువభాగం మందంగా, గట్టిగా ఉండే కాసియా. అందులో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. పలచటి పొరలుపొరలుగా చుట్టుకుని చేత్తో విరిచితే విరిగే సిలోన్ చెక్కలో అది నామమాత్రం. జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ లెక్క ప్రకారం కిలో కాసియాలో సగటున 3 గ్రాముల కౌమరిన్ ఉంటుంది. కాలేయానికి ఇబ్బంది లేకుండా రోజూ తీసుకోదగ్గ పరిమితి కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము అని ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిర్ణయించింది. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల కాసియా. ఆయుష్ మోతాదులో ఒక పూటకు వచ్చేది 0.7 గ్రాములు, రెండు పూటలా తాగినా 1.4. పరిమితి లోపలే. గోపురంగా పోసిన ఒక టీస్పూను కాసియా పొడి 5 గ్రాములైతే అదొక్కటే పరిమితికి రెండున్నర రెట్లు. ఎప్పుడో ఒక రోజు దాటితే భయం లేదు, ఈ పరిమితి ఏళ్ల తరబడి రోజూ తీసుకునేవాళ్లకు వేసింది. నెలల తరబడి రెండు పూటలా కాచుకున్న ఇళ్లలో అది గుర్తుంచుకోవాల్సిన సంఖ్యే. చెక్కను పొడిగా మింగినవాళ్లకు కౌమరిన్ అంతా పోతుంది, ముక్క వేసి కాచి తీసేసినవాళ్లకు అందులో కొంతే.

తిప్పతీగ సంగతి ఇంకా వివాదాస్పదమైంది. 2020 చివరి నెలల్లో తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబై వైద్యులు 2021లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఖండించింది. వాడింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే జాతి తీగా అన్నది తేల్చలేదని అభ్యంతరం చెప్పింది. రెండు పక్షాల వాదనలూ అలా ఉంచితే, ఇంటి కషాయం తాగినవాళ్ల మోతాదు ఎప్పుడూ ముక్కల్లో, కొమ్మల్లో, గ్లాసుల్లోనే వినిపిస్తుంది. కొమ్మ ఎంత లావు, గ్లాసు ఎంతది, ఎంతకు ఇగిరింది అన్నవి లేనప్పుడు మోతాదు ఎక్కువై జరిగిందా, మొక్క వేరై జరిగిందా అని విడదీయడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. ఇప్పటికే రక్తం పలచబరిచే మందులో, షుగరు మందులో వాడుతున్నవాళ్లు, గర్భిణులు కషాయం సంగతి డాక్టరుకు చెప్పేటప్పుడు నాలుగు సంఖ్యలు చెప్పగలిగితే మంచిది: ఎన్ని గ్రాములు, ఎంత నీళ్లు పోశారు, ఎంత మిగిలింది, రోజుకు ఎన్నిసార్లు.

నెల రోజులకు సరిపడా పొడి ఒక్కసారే చేసుకుంటే ఈ లెక్కలు రోజూ పెట్టుకోనక్కర్లేదు. రోజుకు ఒకసారి తాగే ఒక్కరికి ముప్పై పూటలంటే 90 గ్రాములు. ఎండు తులసి 40, దాల్చినచెక్క 20, శొంఠి 20, మిరియాలు 10. ఎండు తులసి 40 గ్రాములు కావాలంటే పచ్చి ఆకు 300 గ్రాముల దాకా కోయాలి. ఒక్క కోటలోని మొక్క అంత ఇవ్వదు, రెండు మూడు కోతల్లో కూడబెట్టుకోవాలి. ఎండలో కాకుండా గాలి తగిలే నీడలో పలచగా పరిచి ఆరబెట్టాలి. శొంఠిని ఇంట్లోనే చేస్తే 90 గ్రాముల అల్లం పడుతుంది, కొంటే ఆ శ్రమ తప్పుతుంది. అన్నీ విడివిడిగా పొడి చేసి, విడివిడిగా తూచి, ఆ తర్వాత కలపాలి. ముందే కలిపి మిక్సీలో వేస్తే మిరియాలు మెత్తబడేలోగా తులసి దుమ్మై మూతకు అంటుకుపోతుంది, పాళ్లు చెడతాయి. డబ్బాలో కదిలేకొద్దీ బరువైన దాల్చినచెక్క పొడి అడుక్కు, తేలికైన తులసి పైకి చేరుతుంటాయి కనుక తీసే ముందు కలియదిప్పాలి. లేకపోతే మొదటి వారం తులసి టీ, చివరి వారం దాల్చినచెక్క టీ అవుతుంది.

ఇన్ని చేసినా చేతికి అందని తేడా ఒకటి మిగులుతుంది. కృష్ణ తులసిలోనూ రామ తులసిలోనూ నూనె ఒకేలా ఉండదు. అదే మొక్కలో పూతకు ముందూ తర్వాతా మారుతుంది. పొడి చేశాక వాసన నూనెలు నిలవలో నెమ్మదిగా పోతాయి, గాజు సీసాలో గట్టిగా మూత బిగిస్తే ఆలస్యంగా, ప్లాస్టిక్ కవర్లో ముడేస్తే తొందరగా. అందుకే పొడి కొట్టిన నెలను సీసా మీద రాసి అంటించుకోవాలి. రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసినప్పుడు మిరియాలు, దాల్చినచెక్క తప్ప తులసి తెలియకపోతే, మిగిలిన పొడికి తులసి లెక్క ఇక వర్తించదు.